పెద్దవాళ్ళు వెంట చెప్పుకునేలా నిత్య ప్రార్థన వీడియోకు స్క్రిప్టు రాసే పద్ధతి

ప్రశ్న: డెబ్బై దాటిన పెద్దవాళ్ళ కోసం రోజూ చేసుకునే చిన్న భక్తి దినచర్య మీద వీడియో చేద్దామనుకుంటున్నాను. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, తొందర లేకుండా సాగాలి. నిద్ర లేచిన దగ్గర నుంచి పూజ అయ్యే వరకు అంతా ఐదు నిమిషాల్లో పట్టించగలనా? స్క్రిప్టు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

పట్టించగలరు గానీ, అలా పట్టించిన వీడియోను వాళ్ళు ఒకసారి చూసి బాగుందని పక్కన పెడతారు, రోజూ దానితో కలిసి ప్రార్థన చేసుకోరు. కారణం చాలా మామూలుది. లేవగానే అరచేతులు చూసుకునే కరదర్శనం మంచం మీద కూర్చుని చేసేది, దీపం స్నానం అయ్యాక పెట్టేది. పెద్ద వయసులో ఈ రెండింటికీ మధ్య గంట పైనే పడుతుంది. మీ వీడియోలో ఆ గంట అర క్షణంలో దాటిపోతుంది. అంటే కరదర్శన శ్లోకం అయిన వెంటనే తెర మీద దీపం వెలుగుతుంది, చూసేవారు మాత్రం ఇంకా దుప్పటి మడత పెట్టి ఉండరు. అందువల్ల దీన్ని రెండు వీడియోలుగా విడదీయండి. నిద్ర లేచాక మంచం మీద చూసుకునేది రెండున్నర నిమిషాల పైన కొద్దిగా, దీపం వెలిగించుకున్నాక చూసుకునేది 5 నిమిషాలు ఉంటే చాలు. మొదటిదాన్ని నేను ఇక్కడ పూర్తిగా రాసి చూపిస్తాను. రెండోదానికి అదే పద్ధతి వర్తిస్తుంది కాబట్టి తేడా వచ్చే చోట్ల మాత్రమే ఆగుతాను.

స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా మూడు గళ్ళు చేసుకోండి. మొదటి గడిలో వినిపించే మాట, రెండో గడిలో తెర మీద కనిపించే అక్షరం, మూడో గడిలో మౌనం ఉంటాయి. రాయడం మూడో గడితో మొదలుపెట్టండి. సాధారణంగా అందరూ మాటలు రాసుకుని, గొంతు రికార్డు చేసి, ఎడిటింగ్‌లో ఎక్కడైనా ఖాళీ దొరికితే వదులుతారు. అలా దొరికిన ఖాళీ ఒక సెకను మించదు. చూసేవారు ఆ సెకనులో మీరు చెప్పింది విని, తెర మీదిది చదివి, తన నోటితో తిరిగి చెప్పుకోవాలి. ఇందులో ఏదో ఒకటి తప్పనిసరిగా వదిలేస్తారు, వదిలేసేది ఎప్పుడూ తన నోటితో చెప్పుకోవడమే. భక్తి వీడియో అంతా సాగేది ఆ చెప్పుకోవడం కోసమే కాబట్టి దానికి పట్టే సమయాన్ని ముందుగా కేటాయించి, మిగిలిన దాంట్లో మీ మాటలు సర్దుకోవాలి.

వేగాన్ని పదాల లెక్కన కాక అక్షరాల లెక్కన చూసుకోవడం మంచిది. "రా" అన్నది ఒక పదమే, "చూసుకుంటున్నప్పుడు" అన్నది కూడా ఒక పదమే, కానీ రెండోదానిలో పలికే అక్షరాలు ఏడు ఉన్నాయి. నిమిషానికి ఇన్ని పదాలు అన్న లెక్క తెలుగులో అందుకే నిలవదు. మామూలు సూచనలకు సెకనుకు 3 అక్షరాలు, శ్లోకానికి సెకనుకు 2 అక్షరాలు అనే కొలత నేను పాటిస్తాను. చదివేవారికి ఇది మొదట్లో మరీ నెమ్మదిగా, దాదాపు అసహజంగా అనిపిస్తుంది. అయితే అక్షరాన్ని సాగదీయడం వేరు, పదానికి పదానికి మధ్య ఊపిరి వదలడం వేరు. సాగదీస్తే మాట వెటకారంగానో చిన్నపిల్లలకు చెప్పినట్టుగానో వినిపిస్తుంది. మాటను మామూలుగా పలికి, పదాల మధ్య ఆగాలి.

కరదర్శన శ్లోకం ఈ పనికి చక్కగా అమరుతుంది. అది అనుష్టుప్పు ఛందస్సులో ఉంది కాబట్టి పాదానికి సరిగ్గా 8 అక్షరాలు, మొత్తం 32. సెకనుకు 2 అక్షరాల చొప్పున ఒక పాదం చెప్పడానికి 4 సెకన్లు పడుతుంది, వెంట చెప్పుకోవడానికి 5 సెకన్లు ఇవ్వాలి. వినేవారికి ఒక సెకను ఎక్కువ ఎందుకంటే మీరు ఆపారని గ్రహించడానికే కొంత సమయం పోతుంది. ఆ లెక్కన నాలుగు పాదాలకు 36 సెకన్లు అవుతాయి.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. కరదర్శనం అంటే చూపు అరచేతుల మీద ఉండాలి. మీరు శ్లోకాన్ని తెర మీద ఎంత అందంగా రాసినా, దాన్ని చదువుతున్నంతసేపూ పెద్దవాళ్ళు చూసేది ఫోనునే తప్ప చేతులను కాదు. కాబట్టి శ్లోకాన్ని రెండు విడతలుగా రాస్తాను. మొదటి విడతలో పాదం పాదంగా, అక్షరాలతో సహా చెప్పించాలి. రెండో విడతలో తెర మీద అక్షరం ఉండకూడదు, శ్లోకం మొత్తం చెవికి మాత్రమే వినిపించాలి, అప్పుడు వాళ్ళ చూపు చేతుల మీదకు దిగుతుంది. రెండో విడత మొదలయ్యే ముందు ఆ సంగతిని మాటల్లో చెప్పాలి. లేకపోతే అక్షరాలు మాయమవగానే ఫోనుకు ఏదో అయిందనుకుని తెరను తాకుతారు.

మొదటి వీడియో స్క్రిప్టు ఇలా వస్తుంది.

గొంతు: నమస్కారం. నిద్ర లేచారు కదా. తొందర లేదు. మంచం మీదనే కాసేపు కూర్చోండి.
తెర: నమస్కారం (తర్వాత) మంచం మీదనే కూర్చోండి
మౌనం: ఒక్కో వాక్యం తర్వాత 2 సెకన్లు, చివర 5 సెకన్లు

గొంతు: రెండు అరచేతులూ దగ్గరకు చేర్చండి. కళ్ళ ముందు పెట్టుకోండి.
తెర: అరచేతులు చేర్చండి
మౌనం: 4 సెకన్లు

గొంతు: వేళ్ళ చివర లక్ష్మీదేవి. అరచేతి మధ్య సరస్వతీదేవి. మణికట్టు దగ్గర గోవిందుడు.
తెర: అక్షరాలు లేవు. చేరిన రెండు అరచేతుల బొమ్మ, చెప్పిన చోట చిన్న వెలుగు
మౌనం: ఒక్కోదానికి 2 సెకన్లు

గొంతు: ఇప్పుడు శ్లోకం చెప్పుకుందాం. నేను ఒక ముక్క చెప్పి ఆగుతాను. మీరు చెప్పండి.
తెర: నేను చెప్పాక మీరు చెప్పండి
మౌనం: 3 సెకన్లు

గొంతు: కరాగ్రే వసతే లక్ష్మీః
తెర: కరాగ్రే వసతే లక్ష్మీః
మౌనం: 5 సెకన్లు (అక్షరాలు తెర మీదే ఉంటాయి)

గొంతు: కరమధ్యే సరస్వతీ
తెర: కరమధ్యే సరస్వతీ
మౌనం: 5 సెకన్లు

గొంతు: కరమూలే తు గోవిందః
తెర: కరమూలే తు గోవిందః
మౌనం: 5 సెకన్లు

గొంతు: ప్రభాతే కరదర్శనమ్
తెర: ప్రభాతే కరదర్శనమ్
మౌనం: 5 సెకన్లు

గొంతు: ఇంకోసారి చెప్పుకుందాం. ఈసారి ఫోను చూడనక్కరలేదు. మీ చేతులనే చూసుకోండి. (శ్లోకం మొత్తం, పాదం తర్వాత ఒక సెకను ఆగుతూ)
తెర: అరచేతుల బొమ్మ మాత్రమే
మౌనం: శ్లోకం చివర 5 సెకన్లు

గొంతు: ఇప్పుడు పాదాలు నేల మీద ఆనించండి. అమ్మా భూదేవీ, పాదం మోపుతున్నాను, మన్నించు తల్లీ.
తెర: పాదాలు నేల మీద
మౌనం: 5 సెకన్లు

గొంతు: ఒక నిమిషం అలాగే కూర్చోండి. తర్వాత దేన్నైనా పట్టుకుని నెమ్మదిగా లేవండి.
తెర: నెమ్మదిగా లేవండి
మౌనం: 5 సెకన్లు, ఆ తర్వాత ముగింపు

ఇదంతా కలిపితే దాదాపు రెండు నిమిషాల నలభై సెకన్లు వస్తుంది. మీ గొంతును బట్టి పది, పదిహేను సెకన్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ ఆ తేడాను మౌనంలోంచి కోయకూడదు. చివరి సూచన భక్తికి సంబంధం లేనిదిగా కనిపించవచ్చు, నేను మాత్రం దాన్ని తీసేయనివ్వను. పడుకున్న మనిషి ఒక్కసారిగా నిలబడితే రక్తపోటు తగ్గి కళ్ళు తిరగడం పెద్ద వయసులో మామూలుగా జరిగేదే, రక్తపోటు మందులు వాడేవారిలో అది ఇంకా ఎక్కువ. కాళ్ళు కిందికి వేసి ఒక నిమిషం కూర్చోమని వైద్యులు చెప్పే మాటే ఇది. భూదేవికి నమస్కారం చేసుకునే ఆచారంలో ఆ నిమిషం సహజంగా ఇమిడిపోతుంది. సంస్కృత శ్లోకం బదులు ఇక్కడ తెలుగు మాట పెట్టడానికి కారణం కూడా ఉంది. ఒకే వీడియోలో రెండు శ్లోకాలు నేర్పితే రెండూ రావు.

వాక్యాల తీరు గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు వాక్యంలో క్రియ చివరన వస్తుంది, దాని ముందు ఎన్ని పనులనైనా వరసగా గుచ్చవచ్చు. "కాళ్ళూ చేతులూ కడుక్కుని, దేవుడి ముందు కూర్చుని, కుందిలో నూనె పోసి, వత్తి వేసి, దీపం వెలిగించి నమస్కారం చేసుకోండి" అన్నది వ్యాకరణం ప్రకారం చక్కని వాక్యమే. కానీ వినేవారు ఆరు పనులను వరసగా గుర్తు పెట్టుకుంటూ చివరి దాకా ఆగాలి, అక్కడికి వచ్చేసరికి మొదటి రెండూ జారిపోతాయి. స్క్రిప్టులో "కుని", "చి", "సి" అనే ముగింపులు ఒకే వాక్యంలో రెండుసార్లు కనిపిస్తే అక్కడ వాక్యాన్ని తెంచండి. అలాగే పిలుపులో గౌరవం ఉండాలి, ముద్దు ఉండకూడదు. "బామ్మగారూ, తాతగారూ" అని గారాబంగా పిలిస్తే కొందరికి నచ్చవచ్చు, చాలామందికి తమను చిన్నపిల్లలుగా చూస్తున్నారనిపిస్తుంది. "మీరు", "అండి" రూపాలు చాలు.

ఇప్పుడు అక్షరాల సంగతి చూద్దాం. పెద్ద అక్షరం అంటే ఎంత పెద్దది అన్నది చూసేవారి చేతిలో ఫోను ఎలా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఫోనును నిలువుగానే పట్టుకుంటారు, అడ్డంగా తిప్పితే తెర తిరగడం, తిరిగి రాకపోవడం వాళ్ళకు చిరాకు. 1920 పిక్సెళ్ళ వెడల్పున్న అడ్డం వీడియోను నిలువు ఫోనులో చూస్తే అది దాదాపు 7 సెంటీమీటర్ల వెడల్పులోకి కుదించుకుపోతుంది. కంప్యూటరులో మీకు కొండంత కనిపించిన 120 పిక్సెళ్ళ అక్షరం అక్కడ దినపత్రిక అక్షరం స్థాయికి పడిపోతుంది. అదే 120 పిక్సెళ్ళ అక్షరాన్ని 1080 వెడల్పు, 1920 ఎత్తు ఉన్న నిలువు వీడియోలో పెడితే, ఒత్తులూ గుణింతాలూ వదిలేసి అక్షరం ఒళ్ళు ఒక్కటే దాదాపు 4 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. అటూ ఇటూ 80 పిక్సెళ్ళ అంచు వదిలినా అనుష్టుప్పు పాదం ఒక్క వరసలో పడుతుంది. ఒక వరసకు ఒక పాదం, ఒక తెరకు రెండు వరసల వరకు అన్నది పరిమితిగా పెట్టుకోండి. పాదం వరసలో పట్టకపోతే అక్షరాన్ని తగ్గించవద్దు, పాదాన్ని పదం దగ్గర విరవండి.

వరసల మధ్య దూరం విషయంలో తెలుగుకు మిగతా లిపుల కొలత పనికిరాదు. దీన్ని పరీక్షించడానికి "లక్ష్మీః" అన్న ఒక్క పదం చాలు. అందులో క కింద ష ఒత్తు, మ ఒత్తు ఉన్నాయి, పైన గుడిదీర్ఘం ఉంది, పక్కన విసర్గ ఉంది. దాని కింది వరసలో "కరమధ్యే" ఉంటే ఆ ఏత్వం పైకి లేచి ఈ ఒత్తులను తాకుతుంది. అలా తాకిన చోట మనకు అక్షరం ఊహకు అందుతుంది గానీ, చూపు మసకబారిన వారికి అక్కడ నల్లటి మరక కనిపిస్తుంది. అక్షరం కొలతకు కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే 1.7 రెట్లు వరస దూరం పెట్టండి. ఫాంటు విషయంలో గీత మందం అంతటా ఒకేలా ఉండేది ఎంచుకోవాలి. నోటో సాన్స్ తెలుగు మధ్యస్థపు మందంలో బాగా పనిచేస్తుంది. అలంకారపు ఫాంట్లు వీడియో పేరు చూపే బొమ్మకు బాగుంటాయి, శ్లోకానికి వద్దు, ఎందుకంటే వాటిలో ఒత్తులు సన్నబడిపోతాయి, పెద్దవాళ్ళు తడబడేది సరిగ్గా ఒత్తుల దగ్గరే.

అదే పదంతో ఇంకో పరీక్ష కూడా చేయండి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు తెలుగు సంయుక్తాక్షరాలను కలపలేక "క్‌ష్‌మీ" అని విడివిడిగా పొల్లులతో చూపిస్తాయి. కొన్నింటిలో మామూలుగా బాగానే ఉండి, అక్షరం తర్వాత అక్షరం ఎగిరి వచ్చే కదలిక పెట్టగానే విరిగిపోతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచినా అదే ప్రమాదం ఉంది. యాప్ మారిస్తే సరే, మార్చలేకపోతే శ్లోకాన్ని వేరే చోట బొమ్మగా తయారు చేసుకుని ఆ బొమ్మను వీడియోలో పెట్టండి. ఏ రకమైనా ఎగిరే కదలికలు వద్దు. అక్షరం నిదానంగా తేలి వచ్చి, మీ మౌనం అయ్యేదాకా కదలకుండా ఉండాలి.

రంగుల్లో భక్తి వీడియోలకు అలవాటైన ఎరుపు మీద పసుపు, చుట్టూ మెరుపు అనే పద్ధతిని వదులుకోమనే చెబుతాను. వయసుతో కంటిలోని కటకం పసుపుబారి, లోపలికి వెళ్ళే వెలుతురు తగ్గుతుంది. శుక్లం మొదలైన కంటిలో వెలుగు చెదిరి అక్షరం అంచు కరిగిపోతుంది. మెరుపు, నీడ, వెనక కదిలే దీపాల వరస, ఇవన్నీ ఆ చెదరడాన్ని పెంచేవే. తెల్లవారుజామున చీకటి గదిలో చూస్తారు కాబట్టి తెల్లటి నేపథ్యం కూడా కళ్ళలో గుచ్చుకుంటుంది. చిక్కటి గోధుమరంగు లేదా ముదురు మెరూన్ నేపథ్యం మీద వెన్నరంగు అక్షరాలు నిలకడగా కనిపిస్తాయి. తెర మీది రచనకు వాడే అంతర్జాతీయ ప్రమాణాలు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగుల నిష్పత్తి మామూలు అక్షరానికి 4.5, పెద్ద అక్షరానికి 3 ఉంటే సరిపోతుందంటాయి. మీ చూపరుల కోసం 7కు తగ్గకుండా చూసుకోండి, దాన్ని కొలిచే పరికరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ధ్వనిలో జాగ్రత్త ఒక్కటే. వయసుతో ముందుగా తగ్గేది సన్నని, పై స్థాయి శబ్దాల వినికిడి. స, శ, త, ప వంటి హల్లులను గుర్తుపట్టించేవి ఆ శబ్దాలే. అందుకే వాళ్ళు "వినిపిస్తోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు" అంటారు. వేణువో, వీణో వెనక మోగుతుంటే ఆ కాస్తా మునిగిపోతుంది. మాట ఉన్న చోట సంగీతాన్ని పూర్తిగా ఆపేయండి, తప్పదనుకుంటే మాటకంటే 20 డెసిబెళ్ళు తక్కువగా ఉంచండి. గొంతుకు ప్రతిధ్వని జోడించి గర్భగుడిలో చెప్పినట్టు చేయడం చాలామందికి ఇష్టం, కానీ ఒక అక్షరపు తోక మరో అక్షరం మీద పడటం వల్ల వీళ్ళకు అది పనికిరాదు.

పాఠాంతరం గురించి కూడా ముందే నిర్ణయించుకోండి. ఈ శ్లోకం మూడో పాదాన్ని కొందరు "కరమూలే తు గోవిందః" అంటారు, కొందరు "కరమూలే స్థితా గౌరీ" అంటారు. అరవై ఏళ్ళుగా గౌరీదేవిని తలచుకుంటున్న మనిషికి మీ వీడియోలో గోవిందుడు వినిపిస్తే ఆగిపోతారు, తాను ఇన్నాళ్ళూ తప్పు చెప్పానేమోనన్న అనుమానం కూడా వస్తుంది. మొదటి పాదానికి ముందు "మీ ఇంట్లో వేరేగా చెప్పుకుంటే అలాగే చెప్పుకోండి" అనే వాక్యం ఒకటి చేర్చితే సరిపోతుంది. తెర మీద రెండు పాఠాలూ చూపించవద్దు.

ఇక దీపం వీడియో. మొదటి నిర్ణయం ఏమిటంటే, దీపం వెలిగించడాన్ని వీడియోలో పెట్టకూడదు. చేయి వణికే వారికి అగ్గిపుల్ల రెండు మూడుసార్లు గీయవలసి వస్తుంది, ఆ సమయాన్ని మీరు లెక్క కట్టలేరు. పైగా నిప్పు దగ్గర ఉన్న మనిషి కళ్ళు ఫోను మీద ఉండటం, పమిట కొంగు కుంది మీదుగా పోవడం మనం కోరుకునేది కాదు. వీడియో పేరులోనే "దీపం పెట్టాక" అని రాసేయండి, మొదటి మాట "దీపం వెలిగించుకున్నారు కదా. కుర్చీలోనైనా సరే, హాయిగా కూర్చోండి" అని ఉండాలి. నేల మీద కూర్చోమని, ఉపవాసం ఉండమని, నూట ఎనిమిదిసార్లు జపించమని చెప్పకండి. మోకాళ్ళ నొప్పి, చక్కెర వ్యాధి ఉన్నవారు ఆ మాటలను ఆజ్ఞలా తీసుకుంటారు.

క్రమం నాలుగే మెట్లు. "దీపం జ్యోతిః పరబ్రహ్మ" శ్లోకం పైన చెప్పిన పద్ధతిలోనే, ఎందుకంటే అదీ అనుష్టుప్పే. తర్వాత ఇష్టదైవ నామం, తర్వాత మౌనం, చివర "కాయేన వాచా" అనే సమర్పణ. నామం దగ్గర మీకు నచ్చిన దేవుడి పేరు పెట్టేయకుండా, ఉదాహరణకు "ఓం నమః శివాయ" అని ఒకసారి, "శ్రీరామ" అని ఒకసారి వినిపించి, "మీ ఇంటి దేవుడి పేరు తలచుకోండి" అని వదిలేయండి.

ఆ తర్వాత వచ్చే ఒక్క నిమిషం మౌనమే ఈ స్క్రిప్టులో అన్నిటికంటే కష్టమైన చోటు. మాట ఆగగానే ఫోను నిలిచిపోయిందనుకుంటారు. తెరను ఒకసారి తాకితే మీటలు కనిపిస్తాయి, కంగారులో మళ్ళీ మళ్ళీ తాకితే వీడియో ఆగడమో, 10 సెకన్లు ముందుకు దూకడమో జరుగుతుంది. కాబట్టి మౌనానికి ముందు "ఇప్పుడు కాసేపు నేను మాట్లాడను. మళ్ళీ నా గొంతు వినిపించేదాకా నామం చెప్పుకోండి" అని స్పష్టంగా చెప్పాలి. తెర మీద వీడియో నడుస్తోందనడానికి ఏదో ఒక గుర్తు కదులుతూ ఉండాలి, నెమ్మదిగా కదిలే దీపజ్వాల అందుకు సరిపోతుంది. దాని కింద "నామం చెప్పుకోండి" అనే రెండు పదాలు నిమిషమంతా నిలిచి ఉండాలి. మౌనం ముగిసిందని చెప్పడానికి చిన్న చేతిగంట వాడితే ఆ సన్నటి శబ్దం చాలామందికి అందదు, నిదానంగా తిరిగి మొదలయ్యే గొంతే నయం.

సమర్పణ శ్లోకంలో పాదానికి 11 అక్షరాలు ఉన్నాయి కాబట్టి అది మన వరసలో పట్టదు. అదృష్టవశాత్తు మొదటి మూడు పాదాలూ 5, 6గా పదం దగ్గరే విరుగుతాయి. "కాయేన వాచా" ఒక వరస, "మనసేంద్రియైర్వా" ఒక వరస. "బుద్ధ్యాత్మనా వా", "ప్రకృతేః స్వభావాత్". "కరోమి యద్యత్", "సకలం పరస్మై". నాలుగో పాదం మాత్రం 6, 5గా "నారాయణాయేతి", "సమర్పయామి" అని విరగాలి. అన్నిటినీ ఒకే కొలతకు తేవాలని "నారాయణాయే" దగ్గర తెంచితే "తి" కింది వరసకు పోయి, చూసి చదివేవారు అక్కడ అర్థం లేకుండా ఆగుతారు. ఇక్కడ రెండు వరసలూ ఒకేసారి చూపించి, పాదం మొత్తం చెప్పి, 7 సెకన్లు ఆగండి. సంధి విడదీసి "మనసా ఇంద్రియైః వా" అని సులువు చేయాలనిపిస్తుంది గానీ, అప్పటికే నోటికి వచ్చిన వారికి అది కొత్త శ్లోకంలా తోస్తుంది.

పంపే దారిని బట్టి కూడా కొన్ని చిక్కులున్నాయి. యూట్యూబులో 3 నిమిషాల లోపు నిలువు వీడియో షార్ట్‌గా మారిపోతుంది, అంటే అది అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తుంది, వేలు కాస్త జారితే ఇంకేదో వీడియో మోగుతుంది. కరదర్శనం వీడియోను అందుకే నేరుగా వాట్సాప్‌లో పంపడం మేలు, కాకపోతే అక్కడ వీడియో కుదించబడి సన్నటి ఒత్తులు మసకబారుతాయి కాబట్టి పంపిన తర్వాత అందిన ప్రతిని తెరిచి చూసుకోండి. దీపం వీడియో 5 నిమిషాలది కనుక యూట్యూబులో మామూలు వీడియోగానే ఉంటుంది, 8 నిమిషాల లోపే ఉంది కాబట్టి నామజపం మధ్యలో ప్రకటన వచ్చి పడే ఇబ్బంది ఉండదు. రోజూ చూసుకునేది కాబట్టి తిథి, పండుగ, తేదీ వంటివి ఏవీ మాటల్లో రానివ్వకండి, సబ్‌స్క్రైబ్ చేయమనే మాట వినిపించనే కూడదు.

అంతా అయ్యాక, ఎవరైనా పెద్దావిడకో పెద్దాయనకో ఫోను ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. బాగుందా అని అడిగితే మీ మీద అభిమానంతో బాగుందనే అంటారు, కాబట్టి అడగకుండా పెదవులు చూడండి. మీరు పాదం చెప్పి ఆగినప్పుడు పెదవులు కదిలి, తర్వాతి పాదం వచ్చేలోగా ఆగితే మౌనం సరిపోయినట్టు. కొత్త పాదం వచ్చాక కూడా పాతది పలుకుతుంటే ఆ చోట 2 సెకన్లు పెంచండి. ముఖం ఫోనుకు దగ్గరగా జరిగితే అక్షరం చాలలేదు, ఫోనును చెవి వైపు తిప్పితే గొంతులో హల్లులు అందలేదు. కళ్ళజోడు కోసం లేచి వెళితే, వీడియో మొదట్లో "కళ్ళజోడు పెట్టుకోండి" అన్న వాక్యం, దాని తర్వాత 10 సెకన్ల మౌనం చేర్చండి.